రెండు దారుల మధ్య ఆరో కార్డు

పద్మారావునగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మీరు ఆ అమ్మాయికి తోడుగా వచ్చారు. తలుపు తీసిన ఆవిడకి అరవై దాటి ఉంటాయి. నీళ్లిచ్చి, ఫ్యాన్ వేగం తగ్గిస్తుంది, కార్డులు ఎగరకుండా. బల్ల మీద నల్లటి గుడ్డ పరిచి ఉంది. మీ కుర్చీ గోడ పక్కన ఉన్నా అక్కడి నుంచి బల్ల మొత్తం కనిపిస్తుంది.

అమ్మాయిది మహబూబాబాద్. వయసు ఇరవై ఏడు. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సు. జర్మన్ భాష బీ2 పాసైంది, అక్కడి ఒక ఆసుపత్రి నుంచి కాంట్రాక్టు వచ్చింది. అదే సమయంలో రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకీ ఎంపికైంది. జాయినింగ్‌కి గడువు దగ్గరపడింది. రెండింటికీ అవునంటే కుదరదు.

"ఏం అడగాలనుకుంటున్నావమ్మా?" అంటుంది ఆవిడ. కార్డులు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

"జర్మనీ పోవాల్నా, గవర్నమెంటు నౌకరి చెయ్యాల్నా, అది చెప్పాలె మేడమ్."

"ఆ ప్రశ్నకి కార్డులు జవాబు చెప్పలేవు. చెప్పినట్టు నటిస్తే నేను నిన్ను మోసం చేసినట్టే. ఇంకోలా అడుగుదాం. ఈ దారిలో నాలో ఏది పెరుగుతుంది, ఆ దారిలో ఏది పెరుగుతుంది, దేనికి దేన్ని వదలాలి. సరేనా?"

ఆ ప్రశ్నని ఆమె చేతే కాగితం మీద రాయిస్తుంది. తర్వాత ఆ కాగితం మీదే ఐదు గళ్లు గీసి ఒక్కో దాంట్లో రెండు మూడు మాటలు రాస్తుంది. నడి గడి, అసలు ప్రశ్న దేని గురించి. ఎడమ పక్క రెండు గళ్లు ప్రభుత్వ ఉద్యోగానివి. పైది అక్కడ పెరిగేది, కిందది అది అడిగే మూల్యం. కుడి పక్క రెండూ జర్మనీవి, అదే వరసలో. కార్డు తిప్పకముందే ఏ గడి దేనికో సిరా మీద పడాలి. లేకపోతే వచ్చిన బొమ్మని బట్టి గడి అర్థం మారిపోతూ ఉంటుంది. నేను చూసిన చెడ్డ రీడింగులు చాలావరకు ఇక్కడే చెడ్డాయి. కార్డు ముందు, దానికి తగ్గ ప్రశ్న తర్వాత!

డెబ్బై ఎనిమిది కార్డులు. అమ్మాయి కలిపి, ఎడమ చేత్తో మూడు భాగాలు చేసి, మళ్లీ ఒకటి చేస్తుంది. ఆవిడ పైనుంచి ఐదు తీసి బోర్లా పరుస్తుంది. నడిమిది తిప్పుతుంది.

లవర్స్.

అమ్మాయి ముఖం ఎర్రబడుతుంది. బొమ్మలో నగ్నంగా నిలబడిన ఆడా మగా, వాళ్లపైన మబ్బుల్లోంచి రెక్కలు చాచిన దేవదూత, వెనక సూర్యుడు. "అయ్యో మేడమ్, ఇది పెండ్లి కార్డా? మా అమ్మ చూస్తే సంబురపడ్తది. ఇంట్ల రోజూ అదే లొల్లి."

మీకూ అదే తోచింది కదా. జర్మనీకి వెళ్తే అక్కడో అబ్బాయి దొరుకుతాడనో, ఇక్కడే ఉంటే సంబంధం కుదురుతుందనో ఈ క్షణంలో చెప్పేస్తే అమ్మాయి నమ్ముతుంది, ఫీజు ఇచ్చి సంతోషంగా వెళ్తుంది. అలా చెప్పేవాళ్లకి ఒక ఆధారమూ ఉంది. ఈ బొమ్మకి మూలమైన డెక్ 1909లో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ వాళ్లు తెచ్చింది. రూపకల్పన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. ఈ కార్డుకి వెయిట్ తన పుస్తకంలో ఇచ్చిన అర్థాల్లో ఆకర్షణ, ప్రేమ, అందం ముందుంటాయి. కాబట్టి ప్రేమగా చదవడం తప్పేమీ కాదు. ఇక్కడ, ఈ ప్రశ్నకి, అది పనికొస్తుందా అన్నదే తేల్చాలి.

ఆవిడ వెంటనే జవాబివ్వదు. మిగతా నాలుగూ తిప్పుతుంది.

ఎడమ పైన సిక్స్ ఆఫ్ పెంటకిల్స్. ఒక చేతిలో తక్కెడ పట్టుకున్న వర్తకుడు, మోకాళ్ల మీద ఉన్న ఇద్దరికి రెండో చేత్తో నాణేలు ఇస్తున్నాడు. ఎడమ కింద ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. కిరీటం మీద ఒక నాణెం, గుండెకు హత్తుకున్నది ఒకటి, పాదాల కింద రెండు, వాటిని విడవలేక కదలకుండా కూర్చున్న మనిషి. కుడి పైన ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్. బల్ల మీద కూర్చుని సుత్తీ ఉలితో నాణెం చెక్కుతున్న పనివాడు, ఊరు దూరంగా వెనకెక్కడో. కుడి కింద సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్. పడవలో ముసుగేసుకున్న స్త్రీ, ఒక పిల్ల, గెడ వేస్తున్న పడవవాడు. వాళ్ల ముందు పడవలో నిలువుగా గుచ్చిన ఆరు కత్తులు.

"ఇప్పుడు చూడు" అంటుంది ఆవిడ. "వీటిలో కప్స్ ఏవి?"

అమ్మాయికి అర్థం కాదు. ఆవిడ విడమరుస్తుంది. చిన్న కార్డుల్లో నాలుగు జాతులు. అనుబంధాలు, ప్రేమ, మనసు చుట్టూ తిరిగేవి కప్స్. పని, డబ్బు, శరీరం, నేర్పు పెంటకిల్స్‌వి. ఆలోచన, మాట, నొప్పి స్వోర్డ్స్‌వి. పూనిక, చొరవ వాండ్స్‌వి. ఇద్దరు మనుషుల మధ్య వలపే ఈ రీడింగులో విషయమైతే చుట్టూ ఒక్క కప్ అయినా ఉంటుందని రీడర్లు ఎదురుచూస్తారు. ముఖ్యంగా టూ ఆఫ్ కప్స్, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పాత్రలు అందుకునే బొమ్మ. ఇక్కడ మూడు పెంటకిల్స్, ఒక స్వోర్డ్. ప్రశ్న పని గురించి, చుట్టూ వచ్చినవీ పని కార్డులే. వీటి నడుమ కూర్చున్న లవర్స్‌ని పెళ్లిగా చదవాలంటే మిగతా నాలుగింటికీ కళ్లు మూసుకోవాలి.

"మరి ఇదేం చెప్తది?"

ఆవిడ లేచి అల్మరాలోంచి ఇంకో డెక్ తెస్తుంది. బొమ్మలు మోటుగా ఉన్నాయి. గట్టి గీతలు, ఎరుపూ నీలం పసుపూ. మార్సెయ్ టారో. దీని ప్రసిద్ధమైన అచ్చుల్లో ఒకటి నికొలా కోన్వెర్ 1760లో మార్సెయ్‌లో తీసుకొచ్చింది. ఆవిడ అందులోంచి ఆరో కార్డు ఏరి లవర్స్ పక్కన పెడుతుంది. ముందుకు వంగి చూడండి. ఇక్కడ జంట లేదు, ముగ్గురున్నారు. నడుమ ఒక కుర్రాడు. ఒక పక్క తలకి ఆకుల దండ చుట్టుకున్న పెద్దామె, ఇంకో పక్క జుట్టులో పూలున్న పడుచు. పైన విల్లు ఎక్కుపెట్టిన మన్మథుడు. కార్డు కింద రాసిన పేరు కూడా ఏకవచనమే, లామురే, ప్రేమికుడు. ఒక్కడు, ఇద్దరి మధ్య.

టారో పుట్టింది జోస్యానికి కాదు. పదిహేనో శతాబ్దపు ఉత్తర ఇటలీలో అది ఆట. మిలాన్ ప్రభువుల కోసం చేతితో రంగులు వేసిన విస్కోంతి-స్ఫోర్జా కార్డుల్లో ఈ బొమ్మ చేతులు కలుపుకున్న జంట, పైన కళ్లకు గంతలు కట్టుకున్న మన్మథుడు. అంటే వివాహమే. తర్వాతి ఫ్రెంచి అచ్చుల్లో మూడో మనిషి నిలబడ్డాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర కార్డులతో జోస్యం చెప్పడం ఫ్రాన్స్‌లో పాకింది. పంతొమ్మిదో శతాబ్దపు గూఢవిద్యావాదులు ఆ ముగ్గురిలో ఒక పాత గ్రీకు కథని చూశారు. యవ్వనంలో హెర్క్యులీస్ దారులు చీలే చోట కూర్చుంటే ఇద్దరు స్త్రీలు వచ్చి చెరో దారికి పిలుస్తారు. ఒకరు సద్గుణం, ఒకరు భోగం. ప్రోడికస్ చెప్పిన ఆ కథని జెనోఫోన్ రాసిపెట్టాడు. ఎలిఫాస్ లెవీ ఈ కార్డుని పాపపుణ్యాల మధ్య మనిషిగా చదివాడు. 1870లో పాల్ క్రిస్టియన్ దీనికి పెట్టిన పేరు నేరుగా 'రెండు దారులు'. వెయిట్ తన డెక్‌లో ఆ పాపపుణ్యాల బొమ్మని కావాలనే పక్కకు పెట్టి, ఏదెను తోటని తెచ్చాడు.

కనుక ఈ అమ్మాయి ముందున్న కార్డుని దారుల ఎంపికగా చదవడానికి ఈ కాలపు రీడర్లు కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదు, ఆ పాత పొర బొమ్మ కిందే ఉంది. అయితే హెర్క్యులీస్ కథని ఉన్నదున్నట్టు తెచ్చి ఈ బల్ల మీద పెడితే అన్యాయం అవుతుంది. ఒకటి మంచి, ఒకటి చెడు అయితే ఎంపికేముంది? బతుకులో నిజంగా నిద్రపట్టనివ్వని ప్రశ్నలు రెండు మంచి వాటి మధ్యే వస్తాయి. ప్రభుత్వాసుపత్రిలో భోగం లేదు, జర్మనీ వార్డులో పాపం లేదు.

ఆవిడ మార్సెయ్ కార్డు తీసేసి మళ్లీ లవర్స్ మీద వేలు పెడుతుంది. "వీళ్ల చూపులు చూడు. అతను ఎవర్ని చూస్తున్నాడు?"

"ఆమెను."

"ఆమె?"

అమ్మాయి కార్డుని దగ్గరకు తీసుకుంటుంది. "పైకి. దేవదూతను."

"నువ్వు గవర్నమెంటు ఉద్యోగం అన్నప్పుడు నీ కళ్ల ముందు ఎవరు కనిపిస్తారు? జర్మనీ అన్నప్పుడు ఎవరు?"

"నౌకరి అంటే అమ్మ. జర్మనీ అంటే... జీతం. ఇంటి అప్పు."

"అవి నువ్వు చూసే మనుషులు, అవసరాలు. ఈ బొమ్మలో అతను చూస్తున్నట్టు. వాటి పైన నువ్వు దేన్ని చూస్తున్నావో అది ఇంకా చెప్పలేదు."

కార్డులు ఇప్పుడు పక్కకు జరుగుతాయి. ఆవిడ అమ్మాయిని అడిగేది గతం. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, ఇవాళ నేను చేయాల్సింది చేశాను అనిపించిన రోజులు చెప్పు. పొగడ్త దొరికిన రోజులు కాదు. ఎవరికీ చెప్పకపోయినా నీకు తెలిసినవి. లవర్స్‌ని విలువల కార్డుగా చదివే పద్ధతిలో గుండెకాయ ఇదే. విలువలేమిటని అడిగితే ఎవరైనా నిజాయితీ, కుటుంబం అంటారు. జరిగిన రోజుని అడిగితే అసలుది బయటికొస్తుంది.

అమ్మాయి కాసేపు ఆలోచించి చెబుతుంది. ఒక రాత్రి, సర్జరీ అయిన పేషెంటు. మానిటర్ మీద అంకెలన్నీ బాగానే ఉన్నాయి. కానీ మూత్రం గంట గంటకీ తగ్గుతోంది, చేతులు చల్లబడుతున్నాయి. డ్యూటీ డాక్టరుకి చెబితే పొద్దున చూద్దామన్నారు. ఆమె వదల్లేదు. మళ్లీ ఫోన్ చేసింది, అంకెలు రాసుకుని మరీ చదివింది. ఆయన వచ్చారు. లోపల రక్తస్రావం. సమయానికి ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు.

"ఇంకోటి?"

"ఇంకోటి చిన్నది మేడమ్. మా దిక్కు ముసలాయన డిశ్చార్జి అయిండు. ఆయన పెండ్లాంకి చదువు రాదు. మందుల చీటి చూసి భయపడ్తుంది. నేను ఒక్కో పొట్లం మీద సూర్యుణ్ణి, చందమామను గీసిచ్చిన. మా మాటల్లనే చెప్పిన. ఆమె మళ్ల నాకు అన్నీ తప్పులేకుండ అప్పజెప్పింది." చెప్తూ చెప్తూ అమ్మాయి గొంతు మారుతుంది.

మీరు గమనించే ఉంటారు. చిన్నది అంటూనే ఎక్కువసేపు దాని గురించే చెప్పింది.

ఆవిడ రెండో కాగితం తీసి రెండు మాటలు రాస్తుంది. ఒకటి నేర్పు. రెండోది తన భాషలో తనవాళ్లకి పనికిరావడం. జీతం, అమ్మ అన్న మాటలు ఆ కాగితం మీద లేవు. "ఇప్పుడు మిగతా కార్డులు చదువుదాం."

ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, జర్మనీలో పెరిగేది. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తూ చెయ్యి సాధించుకునే మనిషి. ఆ రాత్రి చల్లబడిన చేతుల్ని పట్టుకున్న నర్సు ఇక్కడుంది. ఊరు వెనక్కి జరిగిపోయిందన్నదీ ఆ బొమ్మలోనే ఉంది. సిక్స్ ఆఫ్ పెంటకిల్స్, ప్రభుత్వ కొలువులో పెరిగేది. వంగి చెయ్యి చాచినవాళ్లకి అందేలా ఇవ్వడం. సూర్యుడూ చందమామా గీసిన నర్సు ఇక్కడుంది. అయితే తక్కెడ కూడా ఉంది, ఎంతమందికి ఎంతని పంచాలో రోజూ తూచుకోవాల్సిన చోటు. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, జర్మనీ అడిగే మూల్యం. దాటడం ఖాయమే కానీ కత్తులు పడవలోనే వస్తాయి. అంటే ఇంటి బెంగ, అప్పు, అమ్మ లొల్లి ఒడ్డున ఆగిపోవు.

ఇక ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. భద్రతని హత్తుకుని కదలలేని మనిషి, ప్రభుత్వ ఉద్యోగం అడిగే మూల్యం. అమ్మాయి తల ఊపుతుంది. "నిజమే మేడమ్. ఒక్కసారి పర్మనెంట్ అయితే మళ్ల యాడికీ కదలబుద్ధి కాదు."

"తొందరపడకు" అంటుంది ఆవిడ, ఆ కార్డుని ఎడమ నుంచి కుడికి మారుస్తూ. "ఇది జర్మనీ కింద పడి ఉంటే ఏమనేదానివి?"

అమ్మాయి ఆగిపోతుంది. "పైసలు కూడవెట్టుడే పనైతది అనేదాన్ని."

"అంటే అటూ సరిపోయింది, ఇటూ సరిపోయింది. కాబట్టి దీని మాటకి బరువు తక్కువ." ఆ కార్డుని బోర్లా తిప్పేస్తుంది.

ఎంత నిజాయితీ కావాలి ఆ పనికి! ఎవరికి చెప్పినా తమ గురించేనని అనుకునే మాటలుంటాయి. 1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణనని విడివిడిగా ఇచ్చి, అది నీకెంత సరిపోయిందని అడిగితే వాళ్లు సగటున ఐదుకి నాలుగు పైనే మార్కులు వేశారు. టారో బల్ల దగ్గర ఆ ప్రమాదం ప్రతి నిమిషమూ ఉంది. కార్డుని రెండో దారి కిందికి జరిపి చూడటం దానికి తేలికైన విరుగుడు. ఎయిట్‌ని ఎడమకి జరిపినప్పుడు అమ్మాయి వెంటనే అడ్డుకుంది, అంతమంది పేషెంట్ల మధ్య ఒక్కో మనిషినీ అంత నిదానంగా చూసే తీరిక అక్కడ దొరకదని. సిక్స్‌ని కుడికి జరిపినప్పుడు ఇంకా గట్టిగా అడ్డుకుంది. "అక్కడ నేను బీ2లో మాట్లాడ్త మేడమ్. ఆ ముసలమ్మకు చెప్పినట్టు చెప్పరాదు." అవి రెండూ నిలబడ్డాయి. బొమ్మల్లో మహత్తు ఉందని కాదు, ఆమె ఎక్కడ అడ్డుకుందో అక్కడ ఆమెకి తెలిసిన నిజం ఉంది.

బల్ల మీద ఇప్పుడున్నది వేరే ప్రశ్న. జీతమా అమ్మా అన్నది కాదు. తన చేతుల్లోని నేర్పుని పూర్తిగా పండించుకోవడమా, తన భాష అవసరమైన మనుషుల దగ్గర ఉండటమా. రెండూ ఆమెవే, రెంటినీ ఆమె ప్రేమిస్తోంది. లవర్స్ అన్న పేరు ఈ అర్థంలో ఈ గదిలో అతికినంతగా ఏ పెళ్లిచూపుల్లోనూ అతకదని నాకనిపిస్తుంది.

అమ్మాయి చెయ్యి డెక్ వైపు వెళ్తుంది. "ఇంకొక్క కార్డు తియ్యండి మేడమ్. ఏది మంచిగుంటదో అదొక్కటి."

"తియ్యను." ఆవిడ డెక్ మీద అరచెయ్యి పెడుతుంది. కోపం లేదు. "తీస్తే నీకు నచ్చేది వచ్చేదాకా తీస్తూనే ఉంటాం. నీకు నచ్చేది ఏదో నీకు ముందే తెలిస్తే కార్డెందుకు? తెలియకపోతే కార్డు మీద నెట్టి, రేపు కష్టం వచ్చినప్పుడు దాన్ని తిట్టుకుంటావు."

లవర్స్ రీడింగు చెడేది చాలాసార్లు ఈ ఆఖరి మలుపులోనే. విలువకి పేరు పెట్టడం దాకా బాగా వస్తారు, వదులుకోవాల్సిన దాని పేరు పలకడానికి జంకుతారు. కార్డు తిరగబడి వచ్చినప్పుడు చాలామంది రీడర్లు ప్రేమలో విఘ్నం అంటారు. దారుల ప్రశ్నలో దాన్ని నేను వేరేలా చదువుతాను. మనిషి ఒక విలువని నోటితో చెప్తూ ఇంకోదాని కోసం నడుస్తున్నాడని. ఇక్కడ కార్డు నిటారుగానే వచ్చింది, అయినా ఆ పరీక్ష పెట్టాల్సిందే.

ఆవిడ పెడుతుంది. "జర్మనీ వెళ్లావనుకో. పదేళ్ల తర్వాత నీకు కలగని రోజు ఒకటి చెప్పు."

"మా మాటల్ల చెప్పించుకునేటోళ్లు ఉండరు."

"ఇక్కడే ఉన్నావనుకో."

చాలాసేపు జవాబు రాదు. వీధిలో కూరగాయల బండి మైకు వినిపిస్తుంది. "ఆ రాత్రి లెక్క... నేను ముందుగాల పట్టుకున్నది. మెల్లమెల్లగ నాకు కనవడకుంట పోతదేమో. మంది ఎక్కువైతే చూపు మొద్దువారుతది. అది నేను సీనియర్లల్ల చూసిన."

"ఏది పోతే నువ్వు నువ్వు కాదనిపిస్తుంది?"

అమ్మాయి ఈసారి ఆలోచించదు. "చూపు." అని, తనే ఉలిక్కిపడుతుంది. "కానీ అది ఇక్కడ కచ్చితంగ పోతదని లేదు కద మేడమ్? ఐసీయూల పోస్టింగ్ ఇస్తే?"

"అది కార్డు చెప్పేది కాదు, నువ్వు కనుక్కోవాల్సింది. రాసుకో."

కాగితం వెనక్కి తిప్పి అమ్మాయి రాసుకుంటుంది. ప్రభుత్వాసుపత్రిలో తన బ్యాచ్‌ని ఏయే వార్డుల్లో వేస్తున్నారు, ఐసీయూ అడిగే వీలుందా. జర్మనీ కాంట్రాక్టులో మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్మెంత, వార్డు ఎంచుకునే హక్కు ఎవరిది, రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా తనని నర్సుగా చూస్తారా సహాయకురాలిగానా. ఈ చివరిదాన్ని ఆవిడే రెండుసార్లు గీత గీయిస్తుంది. కొన్ని నెలలు సహాయకురాలి పనే అయితే ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ వాగ్దానం అప్పటిదాకా ఆగాల్సిందే.

"గవర్నమెంటోళ్లు ఐసీయూ ఇస్తమంటే ఇక్కడే ఉంట" అంటుంది అమ్మాయి పెన్ను మూసి. "ఇయ్యకపోతే పోత. అమ్మకు నేనే చెప్త."

"ముసలమ్మ మాట?"

"అది పోతది. బాధైతది. తెలుసు."

ఆవిడ ఫీజు తీసుకుని కార్డులు సర్దుతుంది. గుమ్మం దగ్గర చెప్పే ఆఖరి మాట, జాయినింగ్ గడువు దాటేదాకా ఇదే ప్రశ్నతో ఇంకే రీడర్ దగ్గరికీ వెళ్లొద్దని, తన దగ్గరికీ రావద్దని. అమ్మాయి సరేనంటుంది. మెట్లు దిగుతూనే తన బ్యాచ్‌లో అప్పటికే జాయినైన స్నేహితురాలికి ఫోన్ కలుపుతుంది. మీరు వెనక నడుస్తుంటే మొదటి ప్రశ్న మీకు వినిపిస్తుంది. "నిన్ను ఏ వార్డుల ఏసిండ్రే?"